వాల్తేరును ‘వాలేతరు’ అని చదివిన పాప: ఒత్తుల మీద ఒక కేస్ స్టడీ

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంటి నుంచి, విదేశాల్లో ఉంటున్న తెలుగు పిల్లలకు శని ఆదివారాల్లో ఆన్‌లైన్‌లో తెలుగు లిపి నేర్పుతున్నాను. అంతకు ముందు హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. టెక్సాస్ పిల్లల బ్యాచ్‌కి అక్కడ శనివారం రాత్రి ఎనిమిది గంటలకు క్లాసు. అప్పుడు నాకు ఆదివారం పొద్దున్న ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకున్నాక ఏడున్నర అవుతుంది. బ్యాచ్‌కి ఐదుగురికి మించి తీసుకోను. లిపి నేర్పే క్లాసులో ప్రతి పిల్లా గొంతెత్తి చదవాలి, ఆ చదువును నేను వినాలి. పదిమంది ఉంటే అది కుదరదు.

ఈ కేసు ఆ బ్యాచ్‌లోని ఎనిమిదేళ్ళ పాపది. అక్కడే పుట్టింది, మూడో గ్రేడు చదువుతోంది. అమ్మానాన్నలు ఇద్దరూ విశాఖ వాళ్ళే. అమ్మమ్మ పెందుర్తిలో ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగే మాట్లాడతారు. పాపకి అన్నీ అర్థమవుతాయి కానీ జవాబు ఇంగ్లిష్‌లో ఇస్తుంది. నా దగ్గరికి వచ్చేసరికే అక్షరాలు, గుణింతాలు గట్టిగా వచ్చు. ‘అమ్మ’, ‘అక్క’, ‘పిల్లి’, ‘చెట్టు’, ‘అన్నాడు’ లాంటి మాటలు తడుముకోకుండా చదివేది. వాళ్ళ అమ్మ, “ఒత్తులు కూడా అయిపోయాయి మేడం, ఇక కథలు చదివించండి” అన్నారు.

కథ మొదలుపెట్టగానే చదువు ఆగిపోయింది. ‘వస్తే’ని ‘వసేత’ అంది. ‘మాట్లాడు’ దగ్గర ‘మాటాలడు’ అని ఆగి, నా మొహం చూసింది. ‘చేస్తాను’ ఒకసారి ‘చేసాతను’ అయింది, ఇంకోసారి ‘చేశాను’ అయింది. ఆ రెండోది మరీ ఇబ్బంది. మాట సాఫీగా వినిపిస్తుంది కాబట్టి వినేవాళ్ళు తప్పు పట్టుకోరు, కానీ కథలో జరగబోయే పని జరిగిపోయిన పని అయిపోతుంది. రెండు పేజీలు గడిచేసరికి పాపకి కథ అర్థం కాలేదు. “టీచర్, ఐ డోంట్ లైక్ స్టోరీస్” అంది.

తల్లిదండ్రులు సాధారణంగా ఇక్కడే “ప్రాక్టీస్ చాలట్లేదు” అనుకుని, అదే పాఠం మళ్ళీ మళ్ళీ చదివిస్తారు. అప్పుడు పిల్లలు పాఠాన్ని బట్టీ పట్టేస్తారు, తప్పు మాత్రం లోపల అలాగే ఉంటుంది. అసలు ఏది తెలియట్లేదో ముందు విడదీసి చూడాలి.

తప్పు ఎక్కడుందో వెతకడం

నేను మూడు రకాల మాటలు కలగలిపి ఒక కాగితం మీద రాసి, పాప చేత చదివించాను. మొదటి రకం, అక్షరానికి అదే అక్షరం ఒత్తుగా వచ్చి, పైన గుణింతపు గుర్తు కూడా ఉన్నవి: పిల్లి, చెట్టు, అన్నాడు, మద్దిలపాలెం. రెండో రకం, వేరే అక్షరం ఒత్తుగా వచ్చి, గుణింతపు గుర్తు లేనివి: పుస్తకం, పద్మ, రత్నం, విశాఖపట్నం. మూడో రకం, వేరే అక్షరం ఒత్తుగా ఉండి గుణింతపు గుర్తు కూడా ఉన్నవి: ఆస్తి, వస్తే, వాల్తేరు, పెందుర్తి.

మొదటి రకం అన్నీ వచ్చాయి. రెండో రకంలో ఒకటో రెండో తడబడింది, అంతే. మూడో రకంలో ‘ఆస్తి’ని ‘ఆసిత’ అంది. ‘వాల్తేరు’ని ‘వాలేతరు’ అంది. ‘పెందుర్తి’ని ‘పెందురిత’ అంది. అది వాళ్ళ అమ్మమ్మ ఊరు. నోటితో రోజూ అనే పేరే కాగితం మీద కనిపిస్తే గుర్తుపట్టలేకపోయింది.

దీన్నిబట్టి రెండు అనుమానాలు తీరిపోయాయి. త ఒత్తు ఎలా ఉంటుందో పాపకి తెలుసు, లేకపోతే ‘పుస్తకం’ రాదు. గుణింతపు గుర్తులు కూడా తెలుసు, లేకపోతే ‘పిల్లి’, ‘చెట్టు’ రావు. తెలియనిది వరస. ‘స్తే’లో కంటికి ముందు సే కనిపిస్తుంది, దాని కింద త ఒత్తు కనిపిస్తుంది. పాప కనిపించిన వరసలోనే చదివేస్తోంది. పలికేటప్పుడు మాత్రం స్ ముందు, త్ తర్వాత, ఏ చివర రావాలి. గుర్తు స నెత్తిన ఉన్నా దాని ధ్వని త తర్వాతే వస్తుంది. ఇంగ్లిష్ చదివే కన్ను అక్షరాలను ఎడమ నుంచి కుడికి వరసగా ఏరుకుంటూ పోతుంది. ఒకదాని కింద ఒకటి పేర్చిన అక్షరాన్ని అలా ఏరుకోవడం కుదరదు.

మరి ‘పిల్లి’ ఎలా వచ్చింది? బొమ్మ చూసి, మాట గుర్తుపట్టి చదువుతోందేమోనని అర్థం లేని ఉత్తుత్తి మాటలు రాసి ఇచ్చాను. ‘నుల్లి’, ‘తెట్టో’ సరిగ్గానే చదివింది. ‘మల్కే’ని ‘మలేక’ అంది, ‘దిర్తూ’ని ‘దిరూత’ అంది. “తెట్టో ఎలా చదివావు తల్లీ?” అని అడిగితే, “కింద సేమ్ లెటర్ ఉంటే హార్డ్‌గా చెప్పాలి” అంది. పాప దగ్గర ఉన్న సూత్రం అదే. ఒత్తు కనిపిస్తే పై అక్షరాన్ని ఒత్తి పలకాలి. ద్విత్వాక్షరాలకు ఆ సూత్రం చక్కగా పనిచేస్తుంది. సంయుక్తాక్షరం రాగానే చేతులెత్తేస్తుంది. మన వాచకాలన్నిట్లో ద్విత్వాలు ముందు వస్తాయి, వారాల తరబడి నడుస్తాయి. అన్ని రోజులూ సరైన జవాబులు వస్తుంటే లోపల ఏ సూత్రం నడుస్తోందో ఎవరికీ కనపడదు. మీ పిల్లలు ద్విత్వాలు బాగా చదువుతున్నారంటే ఒత్తులు వచ్చేశాయని అనుకోకండి. మూడో రకం మాటలు నాలుగు రాసి చదివించండి, రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఈ తప్పును వదిలేస్తే ఎందుకు కుదరదో కూడా చెప్పాలి. రోజూ మాట్లాడే తెలుగులో క్రియలు చాలావరకు ఈ మూడో రకంలోనే ఉంటాయి. చేస్తాను, వస్తుంది, వెళ్తాం, చూస్తే, మాట్లాడు. ఇవి లేకుండా కథలో ఒక పేజీ కూడా నడవదు.

నాలుగు మెట్లు

దసరా తర్వాత మొదలుపెట్టాం. మొదటి మెట్టులో కాగితం, పెన్సిలు లేవు. “చేస్తాను అని చాలా మెల్లగా అను” అన్నాను. చే… స్… తా… ను. “ఆ అనే చప్పుడు ఎవరి తర్వాత వచ్చింది, స తర్వాతా, త తర్వాతా?” పాప ఇంకోసారి అని చూసుకుని, “త” అంది. వస్తే, ఆస్తి, వాల్తేరు, అన్నీ అలాగే నోటితో విడదీశాం. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లలకు ఉన్న పెద్ద ఆస్తి ఇదే. కన్ను తప్పు చెప్పినా చెవి నిజం చెబుతుంది. ఆ చెవిని సాక్షిగా పెట్టుకుని కన్నును దిద్దాలి.

రెండో మెట్టులో కాగితం ముక్కలు. ‘చేస్‌తాను’ అని పొల్లుతో, అన్నీ పక్కపక్కనే వచ్చేలా రాశాను. అలా రాస్తే పాప వెంటనే సరిగ్గా చదివింది, ఎందుకంటే కన్ను వెళ్ళే వరస, ధ్వని వచ్చే వరస ఒకటే. ఇప్పుడు తా ఉన్న ముక్కను స్ కిందికి జరపాలి. “త కిందికి వెళ్ళి కూర్చుంది. కూర్చునే ముందు తన టోపీ తీసి స నెత్తిన పెట్టింది” అన్నాను. టోపీ అంటే దీర్ఘం. అప్పుడు ‘చేస్తాను’ వచ్చింది. “స నెత్తిన ఉన్న టోపీ ఎవరిది?” “కింద కూర్చున్న త ది.” ఈ ఒక్క ప్రశ్నే మాకు చివరిదాకా పనికొచ్చింది. గుడి, ఏత్వం, ఓత్వం, ఏది వచ్చినా అదే ప్రశ్న. కొమ్ము నెత్తిన కాకుండా పక్కన ఉంటుంది కదా అని పాపే అడిగింది. టోపీని పక్కన పట్టుకుంది అనుకున్నాం.

ఈ మెట్టులో పాప తీసుకొచ్చిన మంచి సందేహం ఇంకొకటి. ‘కై’ చూపించి, “దీని కింద ఉన్నది ఏ ఒత్తు?” అని అడిగింది. ఐత్వంలో ఒక ముక్క పైన, ఒక ముక్క కింద ఉంటుంది. కింది ముక్క అచ్చం ఒత్తులాగే కనిపిస్తుంది. పిల్లలకు ఒత్తులు కొత్తగా వచ్చిన రోజుల్లో కైలాసగిరి లాంటి మాట దగ్గర ఈ గందరగోళం తప్పకుండా వస్తుంది. అది ఒత్తు కాదు, రెండు ముక్కల టోపీ అని అప్పుడే చెప్పేయడం మంచిది.

మూడో మెట్టు ఫోన్ కీబోర్డు. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే కీబోర్డు కాదు, తెలుగు అక్షరాలే కనిపించేది. ‘వస్తే’ కొట్టాలంటే వ, స, పొల్లు (్), త, ఏత్వం (ే), ఈ వరసలో నొక్కాలి. ఒక్కో నొక్కుకీ తెర మీద ఏమవుతోందో పాప చదివింది: వ, వస, వస్, వస్త, వస్తే. ఏత్వాన్ని త తర్వాత నొక్కింది, తెర మీద మాత్రం అది వెళ్ళి స నెత్తిన కూర్చుంది. “టోపీ జంప్ చేసింది!” అని అరిచింది. తర్వాత, “నువ్వు చదివిన వరసలో కొట్టి చూడు” అన్నాను. వ, స, ఏత్వం, త. తెర మీద ‘వసేత’ వచ్చింది. తను ఏం చదివిందో అచ్చంగా అదే. కంప్యూటర్‌లో తెలుగు దాచుకునే వరస కూడా పలికే వరసే: హల్లు, పొల్లు, హల్లు, చివర గుణింతపు గుర్తు. అందుకే ఈ సాధనం ఇంత బాగా పనిచేస్తుంది. నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా అంత తేటగా అర్థం కానిది ఆ ఒక్క క్లాసులో తేలిపోయింది.

నాలుగో మెట్టులో బోర్డులు. ఇక్కడ అమ్మమ్మ గారు రంగంలోకి దిగారు. బయటికి వెళ్ళినప్పుడల్లా సిటీ బస్సు బోర్డులు, దుకాణాల బోర్డులు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేవారు. పెదవాల్తేరు, పెందుర్తి, ద్వారకానగర్, గోపాలపట్నం. ఇవి కాక స్టేషన్, స్కూల్, హాస్పిటల్, బిస్కెట్, స్వీట్స్, స్టేట్ బ్యాంక్. ఈ రెండో జాబితా చూసి పాప వాళ్ళ నాన్న కొంచెం నొచ్చుకున్నారు. “తెలుగు నేర్పమంటే ఇంగ్లిష్ మాటలు చదివిస్తున్నారేంటి మేడం?” అని అడిగారు.

నేను కావాలనే పెట్టాను. ‘బిస్కెట్’ని తప్పు వరసలో చదివితే ‘బిసెకట్’ అవుతుంది. అలాంటి మాట లేదని పాపకి ఎవరూ చెప్పక్కర్లేదు. తనే ఆగి, మళ్ళీ చూసి, “ఓ, బిస్కెట్!” అంటుంది. ‘ఆస్తి’ని ‘ఆసిత’ అంటే ఆ దిద్దుబాటు జరగదు, ఎందుకంటే ఎనిమిదేళ్ళ పిల్లకి ఆస్తి అనే మాటే తెలియదు. ‘ఆసిత’ కూడా ఏదో ఒక తెలుగు మాటే అనుకుంటుంది. తన తప్పు తనే పట్టుకోవాలంటే మాట ముందే తెలిసి ఉండాలి. ఊళ్ళ పేర్లు, ఇంటి మాటలు, తెలుగు లిపిలో రాసిన ఇంగ్లిష్ మాటలు, ఈ మూడింటికీ ఆ గుణం ఉంది. రెండు మూడు వారాలు అవి వాడి, తర్వాత మానేశాం.

ఇంట్లో ఏం చేశారు, ఏం మానేశారు

వారానికి ఒక్క క్లాసుతో లిపి నిలబడదు. రోజూ రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు అని పాప వాళ్ళ అమ్మతో మాట్లాడుకున్నాం. ఆదివారం గంట కూర్చోబెట్టడం కన్నా అది మేలు. పది నిమిషాల్లో ఎనిమిదో పదో మాటలు చదివితే చాలు, అందులో సగం నిన్నటివే అయినా పరవాలేదు.

అసలు పని పిల్ల తప్పు చదివినప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారన్న దాంట్లో ఉంది. చాలామంది వెంటనే సరైన మాట చెప్పేస్తారు. పిల్ల దాన్ని తిరిగి అనేసి ముందుకు వెళ్తుంది. కన్ను ఆ అక్షరం మీద మళ్ళీ పడనే పడదు. ఈ ఇంట్లో పద్ధతి మార్చాం. తప్పు వస్తే అమ్మ ఏమీ అనకుండా కాసేపు ఆగాలి. పాప దిద్దుకోకపోతే, “టోపీ ఎవరిది?” అని మాత్రం అడగాలి. అప్పటికీ రాకపోతే పైనున్న గుణింతపు గుర్తును వేలితో మూసి, ‘స్త’ అని చదివించి, వేలు తీసి ‘స్తే’ అనిపించాలి. ఒత్తును మాత్రం మూయకూడదు. మూస్తే పిల్ల ముందు ‘సే’ అని చదువుతుంది, తర్వాత ‘త’ కలుపుతుంది. మనం పోగొట్టాలనుకున్న వరసనే మనమే చేయించినట్టవుతుంది. వేలు పైన పెట్టాలా కింద పెట్టాలా అనేది చూడ్డానికి చిన్న సంగతే, కానీ ఇంటి అభ్యాసంలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే.

పాప పుస్తకంలో ప్రతి తెలుగు మాట కిందా అమ్మ పెన్సిల్‌తో ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ మాట రాసి ఉంచారు, సాయంగా ఉంటుందని. వాటిని చెరిపేయమన్నాను. ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే రోజంతా ఇంగ్లిష్ చదివే పిల్ల కన్ను వాటి మీదికే పోతుంది, పైనున్న తెలుగు అలంకారంగా మిగిలిపోతుంది. పైగా ఆ రాతలో తకు, టకు ఒకటే అక్షరం, లకు, ళకు ఒకటే అక్షరం. ‘కాలు’, ‘కాళ్ళు’ విడదీసి పలకడం ఆ పిల్లలకు ముందే కష్టం.

అమ్మమ్మ గారితో మాట్లాడాల్సిన సంగతి ఇంకొకటి వచ్చింది. వీడియో కాల్‌లో ఆవిడ మనవరాలికి బడిలో మనమంతా నేర్చుకున్నట్టే చెప్పేవారు: “సకు ఏత్వమిస్తే సే, సేకు త ఒత్తిస్తే స్తే.” అది రాయడానికి సరైన వరస. చేయి కదిలేది అలాగే, పై అక్షరం పూర్తిగా రాశాకే కింద ఒత్తు పెడతాం. కానీ పాప చదివేటప్పుడు కూడా మనసులో అదే అనుకుంటోంది. ‘సే’ అని, ఆపైన ‘త’ అని, ‘వసేత’ దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ పాట డిక్టేషన్ అప్పుడు మాత్రమే పాడదాం, చదివేటప్పుడు టోపీ ప్రశ్న అడుగుదాం అని అమ్మమ్మ గారితో చెప్పాను. “మాకు ఇదేమీ తెలీకుండానే వచ్చేసింది కదమ్మా టీచరమ్మా” అన్నారావిడ. నిజమే. చుట్టూ బోర్డులు, పేపర్లు, బస్సులు అన్నీ తెలుగులో ఉన్న ఊళ్ళో పెరిగితే, వేల మాటలు కంటపడి వరస దానంతటదే దిద్దుకుంటుంది. టెక్సాస్‌లో పాపకి తెలుగు కంటపడేది ఆ పది నిమిషాలే.

నోటుపుస్తకం గురించి కూడా చెప్పాలి. అక్కడ దుకాణాల్లో పిల్లలకు దొరికే వైడ్ రూల్డ్ పుస్తకంలో గీతకీ గీతకీ మధ్య తొమ్మిది మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. తెలుగులో గీత మీద అక్షరం, నెత్తిన గుర్తు, కింద ఒత్తు, అన్నీ పట్టాలి. ఆ ఇరుకులో పిల్లలు ఒత్తును పక్కకు తోసేస్తారు, అది తర్వాతి అక్షరం కింద పడుతుంది. ఒక గీత వదిలి ఒక గీత మీద రాయిస్తే ఆ ఇబ్బంది ఉండదు. క్లాసులో పాప చేయి నాకు కనపడాలి కాబట్టి, ఇంకో ఫోన్‌ను పుస్తకాల దొంతర మీద పెట్టి, కెమెరా నోటుపుస్తకం వైపు వంచమన్నాను. మొహం మాత్రమే చూస్తూ లిపి నేర్పడం జరిగే పని కాదు.

తప్పుల లెక్క

పాప వాళ్ళ అమ్మ ఒక కాగితం మీద మూడు గడులు గీసి, ఏ తప్పు ఎప్పుడు వచ్చిందో రాసి పెట్టారు. గుర్తును ముందు చదివిన తప్పులు ఒక గడిలో: ‘వసేత’ రకం. ఒత్తును మింగేసిన తప్పులు ఇంకో గడిలో: ‘చేస్తాను’ బదులు ‘చేసాను’. పోలికతో ఊహించి చెప్పినవి మూడో గడిలో. ఎన్ని తప్పులు అన్నదాని కన్నా ఏ గడిలో తప్పులు అన్నది ముఖ్యం.

దీపావళి దాటాక మొదటి గడి ఖాళీ అవుతూ వచ్చింది. అదే సమయంలో రెండో గడి నిండడం మొదలైంది. అమ్మకి టెన్షన్ వచ్చింది, “మళ్ళీ వెనక్కి వెళ్తోంది మేడం” అని మెసేజ్ పెట్టారు. కాదు. పాప వేగంగా చదవడం మొదలుపెట్టింది, కన్ను పై వరసలోనే పరుగెడుతోంది, కిందికి దిగట్లేదు. దానికి మందు వేరు. మాట కింద, ఒత్తు ఉండే ఎత్తులో, వేలు పెట్టి జరుపుతూ చదవమన్నాను. అలా చేస్తే ప్రతి ఒత్తూ వేలికి తగులుతుంది. దాంతోపాటు ‘చేశాను, చేస్తాను’, ‘చూశాడు, చూస్తాడు’ లాంటి జంటలు చదివించి, “అయిపోయిందా, అవబోతోందా?” అని అడిగాం. అర్థం మారుతుందని తెలిశాక పాప ఒత్తును మింగడం తగ్గించింది.

సంక్రాంతి నాటికి కొత్త ఉత్తుత్తి మాటల కాగితం ఇచ్చాను. పాత మాటలు ఒక్కటీ లేవు, లేకపోతే గుర్తుపెట్టుకుని చదువుతోందో, నిజంగా కూడబలుక్కుని చదువుతోందో తెలియదు. ‘తల్మే’, ‘గుస్కో’, ‘నిర్తూ’ సరిగ్గా వచ్చాయి. ‘గుస్కో’ దగ్గర పెదాలు కదిపి లోపల ఒకసారి అనుకుని, అప్పుడు పైకి చదివింది. ఆ ఆగడం ఇంకా ఉంది. కథ చదివేటప్పుడు కూడా కొత్త క్రియ వస్తే ఆగుతుంది, కానీ తనంతట తనే దాటుతుంది.

మధ్యలో ర ఒత్తు మమ్మల్ని విడిగా ఇబ్బంది పెట్టింది. మిగతా ఒత్తులు అక్షరానికి కిందో కుడి పక్కనో ఉంటాయి. క్రావడి మాత్రం అక్షరం కింద నుంచి ఎడమ వైపుకి వంగి వస్తుంది. ఎడమ నుంచి వచ్చే కన్నుకి ముందు అదే తగులుతుంది. ‘ప్రజ’ని ‘ర్పజ’ అనబోయి, నోరు తిరగక ‘పరజ’ అంది. దీనికి కూడా కీబోర్డే వాడాం: ప, పొల్లు, ర. సముద్రం, చక్రం, చంద్రుడు, ఆంధ్రప్రదేశ్ అలా చదివాక సర్దుకుంది. రెండు ఒత్తులు ఉండే స్త్రీ, రాష్ట్రం, శాస్త్రి లాంటివి వేరే పాఠంగా చెప్పనే లేదు. పై నుంచి కిందికి ఒక్కో హల్లూ దిగి, చివర్లో టోపీ పెట్టడమే అని పాపే చేసేసింది.

ఇది ఎవరికి పనికిరాదు

అదే బ్యాచ్‌లో ఇంకో బాబు కూడా ‘వాల్తేరు’ దగ్గర ఆగాడు. అదే మందు వేద్దామని వాళ్ళ అమ్మ అడిగారు. మూడు రకాల మాటలూ చదివిస్తే ‘చెట్టు’, ‘పిల్లి’ దగ్గరే తప్పులు వచ్చాయి. గుడికీ, గుడిదీర్ఘానికీ, ఎత్వానికీ ఏత్వానికీ ఇంకా తేడా స్థిరపడలేదు. అలాంటి పిల్లలకు టోపీ ఎవరిదో అడిగి ప్రయోజనం లేదు, ఏ టోపీయో ముందు తెలియాలి. బాబును మళ్ళీ గుణింతాలకు తీసుకెళ్ళాను. ‘కల, కాల’, ‘పిలుపు, పీలుపు’ అని జంటలుగా, అర్థం ఉన్నా లేకున్నా, హ్రస్వ దీర్ఘాలు చెవికి పట్టేదాకా చదివించాం.

ఇంట్లో తెలుగు వినపడని పిల్లలకు మొదటి మెట్టే ఎక్కడానికి రాదు. అమ్మానాన్నల్లో ఒకరికే తెలుగు వచ్చి, ఇల్లంతా ఇంగ్లిష్‌లో నడిచే చోట, ‘చేస్తాను’ని మెల్లగా అనమంటే పిల్లకి అనడానికి ఆ మాటే ఉండదు. అక్కడ లిపిని కొన్ని నెలలు పక్కన పెట్టి, మాట నేర్పడం ముందు చేయాలని నా అభిప్రాయం. ఇది విన్న తల్లిదండ్రులు కొందరు మా క్లాసు మానేశారు. అయినా నేను అదే చెబుతాను. తెలియని మాటల్ని కూడబలుక్కుని చదవడం పిల్లలకు శిక్ష లాంటిది.

పాపకి ఇప్పుడు రాత మీద పని నడుస్తోంది. చదువు కన్నా రాత వెనకబడి ఉంది, అది మామూలే. క, త, న, మ, య, ర, ల, ఈ ఏడింటి ఒత్తులు అసలు అక్షరాన్ని పోలి ఉండవు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. చదివేటప్పుడు గుర్తుపడుతుంది కానీ రాయమంటే మ ఒత్తు బదులు చిన్న మ రాసేస్తుంది. వారానికి రెండు ఒత్తుల చొప్పున తీసుకుని, ఒక్కో దానితో మూడేసి మాటలు డిక్టేషన్ ఇస్తున్నాను. అమ్మమ్మ గారి పాట ఇప్పుడు పనికొస్తోంది. ఆవిడ పెందుర్తి నుంచి, “సకు ఏత్వమిస్తే సే, సేకు త ఒత్తిస్తే” అని చెప్పి ఆపుతారు, పాప అక్కడ స్తే రాసి కెమెరాకి చూపిస్తుంది.